ముందే పెట్టి ఉంచిన సంతకాలు

మా బావను వీధిలో అందరూ ఆర్టిస్టు అంటారు. నేను బావా అంటాను, ఒళ్లు మండినప్పుడు తమరు అంటాను. మా అక్క అయితే "ఏమండీ" అని ఒక్క కేక వేస్తుంది, అంతే. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఆ ఒక్క కేకతోనే వాళ్ల సంసారం ఇన్నేళ్లు నడిచింది.

ఆయన పని బోర్డులు రాయడం. మా ఊళ్లో మందుల షాపు దగ్గర్నుంచి కట్టెల అడితి దాకా ఏ బోర్డు చూసినా ఒకప్పుడు ఆయన చేతి రాతే. సుద్దపొడి పట్టించిన దారం గోడమీద లాగి వదిలితే గీత పడేది. ఆ గీత మీద నిచ్చెనెక్కి నిలబడి, ఎడమచేత్తో ఆసరా కర్ర పట్టుకుని, దానిమీద కుడి మణికట్టు ఆనించి, పెద్దపెద్ద అక్షరాలు ఊపిరి బిగబట్టి దించేసేవాడు. అక్షరం పూర్తయ్యేదాకా పలకరిస్తే ఊరుకునేవాడు కాదు. ఒకసారి ఒక షావుకారు కింద నిలబడి తొందర పెడితే, "అలా అయితే మీరే పైకి రండి, నేను కింద నిలబడి తొందర పెడతాను" అన్నాడట. ఆ షావుకారు బోర్డు ఇప్పటికీ వెలిసిపోలేదు.

ఆయన బడికి వెళ్లినవాడు కాదు. వాళ్ల నాన్న బస్తాలు మోసేవాడు. కూలి డబ్బులు తీసుకునేటప్పుడు నల్లటి సిరా బొటనవేలికి పూయించుకుని ముద్ర వేసి, ఆ వేలిని గోడకు తుడుచుకునేవాడట. పక్కన నిలబడి ఆ గోడ చూసీ చూసీ బావకు అసహ్యం పుట్టింది. బజారులో బోర్డులు చూసి, వాటి కింద ఇసకలో పుల్లతో గీసుకుని అక్షరాలు నేర్చుకున్నాడు. చదవడం కంటే ముందు రాయడం వచ్చిన మనిషి ఆయన. అందుకే ఆయన సంతకం కూడా సంతకంలా ఉండేది కాదు, చిన్న సైజు బోర్డులా ఉండేది. మొదటి అక్షరానికి మెలికలు తిరిగిన కొమ్ము, చివర కింద ఒక పొడుగాటి గీత, ఆ గీత మొదట్లో లావుగా మొదలై చివరికి వెంట్రుకంత సన్నబడేది. బ్యాంకులో క్యాషియరు, "ఆర్టిస్టుగారూ, మీ సంతకం ఫోర్జరీ చెయ్యాలంటే దొంగ మీ దగ్గరే శిష్యరికం చెయ్యాలి" అనేవాడు.

వణుకు మొదలైంది ఒక పళ్ల డాక్టరు బోర్డు రాస్తుండగా. ఒక అక్షరం తోక పక్కకు జారింది. గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. మళ్లీ జారింది. కింద నిలబడి చూస్తున్న డాక్టరు మర్యాదస్తుడు, పరవాలేదు బాగానే ఉందన్నాడు. బావ మూడోసారి తుడిచేసి, డబ్బా మూత పెట్టి, నిచ్చెన దిగి ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఎక్కలేదు. అది నరాల జబ్బని, తగ్గదని, మాత్రలతో కొంచెం అదుపులో ఉంటుందని తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు. కొట్టు ఆయన శిష్యుడు తీసుకున్నాడు. వాడిప్పుడు అందులో మిషను పెట్టి ఫ్లెక్సీలు వేస్తున్నాడు. గురువు మీద గౌరవం ఉన్నవాడు కాబట్టి నెలనెలా ఆదాయంలో కొంత బావ ఖాతాలో వేస్తుంటాడు. ఫ్లెక్సీ అన్న మాట వింటే బావకు కోపం, ఆ ఫ్లెక్సీ అన్నం తింటున్నందుకు ఇంకా కోపం.

అప్పుడు ఆయన చేసిన పని చెబుతాను. మాత్ర వేసుకున్నాక పొద్దున్నే కాసేపు చెయ్యి మాట వినేది. ఆ కాసేపట్లో బల్ల ముందు కూర్చుని, మోచేతి కింద తువ్వాలు మడిచి పెట్టుకుని, చెక్కు పుస్తకంలో ఒక్కో చెక్కు మీదా సంతకం పెట్టేవాడు. చెయ్యి మొరాయించగానే ఆపేసేవాడు. మర్నాడు మళ్లీ. అక్క పక్కన కూర్చుని సిరా ఆరేదాకా నోటితో ఊదేది. ఒక పుస్తకం అయిపోగానే, చెయ్యి ఇంకా మాట వింటోందని, బ్యాంకుకు వెళ్లి ఇంకో పుస్తకం తెచ్చుకుని దానిమీద కూడా పెట్టేశాడు.

నేను చూసి గొడవ పెట్టుకున్నాను. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టుకునే వాణ్ని, నాకే ఆ మాత్రం తెలుసు.

"తమరికేమన్నా మతి పోయిందా? సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా? దొంగ వస్తే?"

"దొంగకు అంత అందమైన సంతకం దొరికితే, వాడు దొంగతనం మానేసి బోర్డులు రాసుకుంటాడు లేరా."

"నవ్వులాట కాదు బావా."

"నేనూ నవ్వులాటకి చెప్పట్లేదు. చెయ్యి పోతుంది, ఆ సంగతి డాక్టరు చెప్పాడు. చెయ్యి పోయినా సంతకం ఇంట్లో ఉంటుంది. మీ అక్క పేరు రాసుకుని, అంకె వేసుకుని, డబ్బు తెచ్చుకుంటుంది. ఎవరి ముందూ నిలబడక్కర్లేదు." చివరికి అసలు మాట అన్నాడు. "నేను వేలిముద్ర వెయ్యక్కర్లేదు."

అక్క ఆ పుస్తకాలను బీరువాలో చీరల మధ్య దాచింది. ఏటీఎం కార్డు తీసుకోమని ఎన్నిసార్లు చెప్పినా బావ వినలేదు. సంతకం ఉన్నవాడికి ఆ ముక్క ఎందుకన్నాడు. మా బావ మొండితనానికి మేము ఏనాడో దండం పెట్టేశాం.

అలా బాగానే జరిగింది. అక్క చెక్కు మీద తన పేరు రాసుకునేది, అక్షరాల్లో రాసే అంకె నేను రాసిచ్చేవాణ్ని, బ్యాంకులో వెనకవైపు తను సంతకం పెట్టి డబ్బు తెచ్చుకునేది. బావ చెయ్యి ఈలోగా పూర్తిగా పోయింది. చెంచా అక్క నోటికందిస్తేనే అన్నం. చొక్కా గుండీలు అక్క పెడితేనే పెట్టినట్టు. కానీ ఇంట్లోకి వచ్చే ప్రతి రూపాయి తన సంతకంతోనే వస్తోందన్న ధీమా మాత్రం ఆయన ముఖంలో ఉండేది.

ఇంతలో ఆ బ్యాంకు పోయింది. పోవడమంటే దివాలా కాదు, దాన్ని తీసుకెళ్లి ఇంకో పెద్ద బ్యాంకులో కలిపేశారు. అదే గది, అదే కౌంటర్లు, అదే మనుషులు, బయట బోర్డు మాత్రం కొత్తది. అది చూపిద్దామని బావను ఆటోలో తీసుకెళ్లాను. ఆటోలోంచే చూసి, "ఆ మొదటి అక్షరం చూడు, కడుపునొప్పి వచ్చినవాడిలా ముందుకు వంగిపోయింది" అన్నాడు. దారి పొడుగునా దాన్నే తిట్టాడు. నేనూ నవ్వుకున్నాను. మార్పంటే ఆ బోర్డే అనుకున్నాం మేము.

అలా అనుకోవడానికి కారణం ఉంది. బోర్డు మారాక కూడా కొన్ని నెలలు అక్క పాత చెక్కులే తీసుకెళ్లింది, వాళ్లు మాట్లాడకుండా డబ్బిచ్చారు. అద్దం తలుపు మీద ఏదో కాగితం అంటించి ఉంది. అక్క చూసింది, చదివింది కూడా. తన చెక్కు చెల్లుతోంది కదా, అది ఇంకెవరికో అనుకుంది. గడువు దాకానే చెల్లుతుందని, ఆ గడువు ఒకటి ఉంటుందని ఇంటికి ఎవరూ వచ్చి చెప్పలేదు. బ్యాంకు వాళ్లు ఫోనుకు మెసేజిలు పంపారట. అవి వెళ్లింది కొట్టు పాత నంబరుకి. ఆ నంబరు బావ ఎప్పుడో వదిలేశాడు, బ్యాంకులో మార్పించలేదు.

మొదటి దెబ్బ శిష్యుడి ఫోనుతో తగిలింది.

"గురువుగారూ, ఈ నెల డబ్బు వేశాను, వెనక్కొచ్చేసింది. మీ ఖాతా ఏమన్నా మూసేశారా?"

నేను బ్యాంకుకు పరిగెత్తాను. అక్కడ విషయం చెప్పారు. ఖాతా నంబరు అదే, శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. పాత కోడ్ ఇక పనిచేయదు, దానికి పంపిన డబ్బు పంపినవాడికే తిరిగిపోతుంది. కొత్త కోడ్ ఒక చీటీ మీద రాసిచ్చారు. శిష్యుడికి చదివి వినిపించాను, వాడు ఖాతా వివరాల్లో కోడ్ మార్చి మళ్లీ వేశాడు, ఈసారి పడింది. ఇంతేనా, దీనికేనా ఇంత హడావుడి అనుకుని, ఇంటికెళ్లి బావ ముందు నా గొప్ప నేనే చెప్పుకున్నాను.

తర్వాత అక్క చెక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. చెక్కు వెనక్కిచ్చేశారు.

ఆమె ఇంటికి రాలేదు, తిన్నగా నా కొట్టుకు వచ్చింది. చుడుతున్న మోటారు పక్కన పడేసి చూశాను. అక్క ముఖం పాలిపోయి ఉంది.

"చెల్లదంటున్నార్రా."

"ఏది చెల్లదు?"

"ఏదీ చెల్లదంట. రెండు పుస్తకాలూ. మీ బావ పెట్టిన సంతకాలన్నీ. గడువు అయిపోయిందంట. కొత్త పుస్తకం తీసుకోవాలంట, దానికి ఆయనొచ్చి సంతకం పెట్టాలంట." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనకెలా చెప్పనురా?"

చెప్పడం నా వంతయింది. బావ విన్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒకదానితో ఇంకోదాన్ని పట్టుకుని కూర్చున్నాడు, పట్టుకున్నా రెండూ ఆడుతున్నాయి.

"సంతకం నాదే కదరా?"

"నీదే బావా."

"డబ్బు నాదే కదా?"

"నీదే."

"మరి చెల్లకపోవడమేంటి?"

కాగితం పాత బ్యాంకుదని, ఆ బ్యాంకే ఇప్పుడు లేదని చెప్పాను. లేని బ్యాంకుకు అద్దం తలుపు, కౌంటర్లు అన్నీ ఉన్నాయిగా అన్నాడు.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. మాత్ర పట్టే సమయం చూసుకుని బయల్దేరదీశాను. అక్క గుండీలున్న చొక్కా తొడిగింది. దారిలో బావ ఒక్క బోర్డును కూడా తిట్టలేదు.

ఖాతాల కౌంటర్లో కూర్చున్నది ఒక ఆఫీసరమ్మ. చిన్న వయసు, ఓపిక గల మనిషి. కసురుకుని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అని బరువు దించుకునేవాణ్ని. ఆమె బావకు కుర్చీ వేయించి, అన్నీ నెమ్మదిగా చెప్పింది.

"సార్, మీ ఖాతా భద్రంగానే ఉంది. డబ్బెక్కడికీ పోలేదు. చెక్కు పుస్తకం, ఐఎఫ్‌ఎస్‌సీ, చెక్కు కింద ఉండే ఎంఐసీఆర్ కోడ్, ఇవే మారాయి. మీకు డబ్బు వేసే వాళ్లందరికీ కొత్త కోడ్ చెప్పాలి. ఎవరికన్నా ముందు తేదీలతో చెక్కులు ఇచ్చి ఉంటే అవి వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాలి. బీమా లాంటివి ఖాతాలోంచి కట్ అవుతుంటే ఆ కంపెనీ వాళ్లను ఒకసారి అడిగి చూసుకోండి. ఫోన్ నంబరు మార్పించుకోండి. కొత్త చెక్కు పుస్తకానికి ఇదిగో, ఇక్కడ సంతకం పెడితే చాలు."

చాలు అన్న మాట ఆమె మామూలుగానే అంది.

బావ పెన్ను తీసుకున్నాడు. అక్క కాగితం కదలకుండా పట్టుకుంది. మొదటి అక్షరం కొమ్ము దగ్గరే పెన్ను ఎగిరి గీత దాటి పోయింది. ఆఫీసరమ్మ ఇంకో కాగితం ఇచ్చింది. అదీ అంతే. ఆమె కంప్యూటరు తెరమీద ఖాతా తెరిచింది. అక్కడ బావ పాత సంతకం కనిపించింది. కొమ్ము, మెలికలు, వెంట్రుకలా సన్నబడే గీత, అన్నీ ఉన్నాయి. బావ దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు.

"సార్, ఇప్పుడు మీకు ఎలా వస్తే అలా పెట్టండి, దాన్నే కొత్త సంతకంగా నమోదు చేస్తాం. కానీ ప్రతిసారీ అలాగే రావాలి. లేకపోతే చెక్కు తిరిగొస్తుంది."

పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. రెండూ ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చాయి. మూడోది పెట్టబోతుంటే నేనే ఆపాను. వెనక వరసలో జనం పెరుగుతున్నారు, ఎవరూ విసుక్కోవడం లేదు, అందరూ చూస్తున్నారు. అది ఇంకా ఘోరంగా ఉంది.

"అమ్మా, ఈ పుస్తకాల్లో సంతకాలన్నీ తెరమీద దానిలాగే ఉన్నాయి. ఒక్కటీ తేడా లేదు. పోల్చి చూడండి" అన్నాడు బావ. అక్క సంచిలోంచి పుస్తకాలు తీసి బల్లమీద పెట్టింది. ఆఫీసరమ్మ ఒక్కో కాగితం తిప్పింది. ఆమె ముఖం మారింది.

"సంతకంలో తేడా లేదు సార్. కాగితం మీద పాత కోడ్ ఉంది. సిస్టం తీసుకోదు."

"మీరు తీసుకుంటారా?"

"నేను తీసుకున్నా అది తీసుకోదు సార్."

తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అక్కడ ఎవరూ లేరు. ఆ పిల్ల నిజంగా బాధపడుతోంది, మేనేజరు లేచి వచ్చి నిలబడ్డాడు, క్యాషియరు తల వంచుకుని నోట్లు సర్దుకుంటున్నాడు. ఈ బ్యాంకును ఆ బ్యాంకులో కలిపినవాడెవడో వాడికి మా బావ ఉన్నాడని కూడా తెలియదు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.

మేనేజరు దారి చెప్పాడు. చెయ్యి పనిచెయ్యని వాళ్లు వేలిముద్ర వేయొచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు మనిషి. అయితే వేలిముద్ర మీద ఆయనకు చెక్కు పుస్తకం ఇవ్వరు, డబ్బు కావలసినప్పుడల్లా ఆయనే రావాలి. అలా కాకుండా, ఈ ఒక్కసారి వేలిముద్ర వేసి అక్క పేరు కూడా ఖాతాలో చేర్పిస్తే, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా చేస్తే, కొత్త పుస్తకం అక్క పేరున ఇప్పిస్తానన్నాడు. ఆ తర్వాత సంతకాలు అక్కవే.

మంచి దారే. న్యాయంగా ఆలోచిస్తే ఇంతకంటే మంచి దారి లేదు. అక్క బావ వైపు చూడలేదు, నేల చూపులు చూస్తోంది.

"వద్దులెండి. ఇంటికి పోదాం. ఎలాగోలా గడుపుకుందాం" అంది.

"ఎలా గడుపుతావే? మందులెలా తెస్తావు?" అన్నాడు బావ. ఆ తర్వాత మేనేజరు వైపు తిరిగి, "సిరా తెప్పించండి" అన్నాడు.

నీలం రంగు సిరా దిమ్మె తెచ్చారు. బావ బొటనవేలు దానిమీద పెట్టడమే కష్టమైంది, కాగితం మీద పెట్టేసరికి అది అటూ ఇటూ ఆడి ముద్రంతా అలుక్కుపోయింది. వేలిముద్ర కూడా కుదరలేదు. ఆఫీసరమ్మ ఇంకో ఫారం తెచ్చి, "కొంచెం పట్టుకోండి సార్" అని నాతో అంది.

నేను లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఎన్నో ఏళ్లు ఆసరా కర్ర మీద ఆనిన మణికట్టు. నా గుప్పెట్లో అది ఆగకుండా కొట్టుకుంటోంది. గట్టిగా పట్టుకుంటే నొప్పి పుడుతుందేమోనని వదులుగా పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకోరా. ఇది కూడా చెడగొట్టుకుంటామా?" అన్నాడు.

గట్టిగా పట్టి నొక్కాను. ముద్ర చక్కగా పడింది. గీతలన్నీ తేటగా కనిపించాయి. సాక్షిగా పక్కన నేను సంతకం పెట్టాను, ఆఫీసరమ్మ పెట్టింది. అక్క తన గుర్తింపు కాగితాలు, ఫొటో ఇచ్చి, కొత్త ఖాతాదారుగా తన పేరు రాసింది. బావ వేలు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడా తుడుచుకోలేదు. అక్క కొంగుతో తుడవబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

లేచేటప్పుడు ఆఫీసరమ్మ ఆ పాత పుస్తకాలు ముందుకు తోసింది.

"ఇవి చెల్లవు కానీ సార్, సంతకాలున్నాయి కదా, ఎవరి చేతిలోనైనా పడితే మంచిది కాదు. ఇక్కడ ఇచ్చేస్తే మేం చింపేస్తాం. లేదా మీరే ఇంటికెళ్లి చింపేయండి."

"మేమే చింపుకుంటాం" అన్నాడు బావ.

ఇంటికి వచ్చాక ఆయన మంచం మీద కూర్చుని పుస్తకాలు ఒళ్లో పెట్టుకున్నాడు. అక్క వంటింట్లోకి పోయి, పనేమీ లేకుండానే గిన్నెలు కదిలిస్తోంది. నేను చింపుతాను ఇటివ్వు బావా అన్నాను. వాటిని చింపడానికి నాకు చేతులు రావని ఆయనకు తెలుసు. మొదటి చెక్కు ఆయనే పట్టుకుని లాగాడు.

అది సులువుగా చిరిగింది. చేతులు వణుకుతున్నాయి, ఆ వణుకే కాగితాన్ని చింపేస్తోంది. అన్నం ముద్ద పట్టుకోలేని చేతులు, గుండీ పెట్టుకోలేని చేతులు, ఒక్కో సంతకాన్నీ ఎవరి సాయమూ అక్కర్లేకుండా ముక్కలు చేస్తున్నాయి. మెలికలు, కొమ్ములు, సన్నటి గీతలు ఆయన ఒళ్లో, మంచం మీద, నేలమీద పడుతున్నాయి.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒక్కటి ఉంచండి, నా కోసం."

"చెల్లనిది ఏం చేసుకుంటావే?"

అక్క లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నాకు ఏదైనా ఒక వేళాకోళం ఆడి ఆయన్ని నవ్వించాలనిపించింది. బావ ఆఖరి చెక్కు దాకా ఆగకుండా చింపి, ఒళ్లు దులుపుకుని, నా వైపు చూసి, "చూశావా, ఈ పని మాత్రం బాగానే వస్తోంది" అన్నాడు.